మూడు పంక్తుల వాకిలి

*ఫోన్ తెర మీద ఏ పోస్టులోనైనా మొదట కనిపించేది రెండు మూడు పంక్తులే. అసలు సంగతి ఆ పంక్తుల్లో లేకపోతే మిగతాది ఎంత బాగున్నా చదివేవారు ఉండరు. బలహీనమైన ఆరంభం ఎందుకు ఓడిపోతుంది, తెలుగులో ఆ ఓటమికి ప్రత్యేకమైన కారణమేమిటి, దాన్ని సరిదిద్దే దారులు తెలుగు వాక్యంలోనే ఎక్కడున్నాయి అన్నదే ఈ కథనం.*

పుస్తకం తెరిచిన పాఠకుడు చదవాలన్న నిర్ణయం అప్పటికే తీసుకుని ఉంటాడు గనుక, మొదటి పుట కాస్త నెమ్మదిగా నడిచినా ఓపిక పడతాడు. పత్రిక కొన్నవాడు కూడా, డబ్బు పెట్టి తెచ్చుకున్నది కాబట్టి, ఒక వ్యాసం నచ్చకపోతే మరో వ్యాసం వైపు తిరుగుతాడే తప్ప పత్రికనే పక్కన పడెయ్యడు. సామాజిక మాధ్యమాల్లో కనిపించే పోస్టుకు ఇటువంటి ముందస్తు ఒప్పందం ఏదీ ఉండదు. దాన్ని పాఠకుడు వెతుక్కుంటూ రాలేదు. మిత్రుల ఫొటోలు, వార్తలు, ప్రకటనలు, వీడియోలు ఒకదాని కింద ఒకటిగా వచ్చే వరుసలో అది ఎదురుపడింది. ఆ వరుసనే ఫీడ్ అంటారు. ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో న్యూస్ ఫీడ్‌ను ప్రవేశపెట్టినప్పటి నుంచి, ఎవరి పేజీకి వాళ్లు వెళ్లి చూసే అలవాటు క్రమంగా తగ్గి, అందరి రాతలూ ఒకే ప్రవాహంలో కలిసి రావడం మామూలైంది.

అదే 2006లో ఏజా రాస్కిన్ అనే రూపకర్త, పుట చివరికి చేరగానే తరువాతి పుట దానంతటదే కింద అతుక్కునే ఏర్పాటును రూపొందించాడు. అంతులేని స్క్రోలింగ్ అనే ఆ ఏర్పాటు వల్ల పాఠకుడి నిర్ణయం స్వరూపమే మారిపోయింది. అంతకుముందు పుట చివర ఒక విరామం ఉండేది, ముందుకు వెళ్లాలంటే ఒక మీట నొక్కవలసి వచ్చేది, అంటే కదలడానికి ప్రయత్నం కావలసి వచ్చేది. ఇప్పుడు కదలికే సహజస్థితి అయింది. ఆగడానికి ప్రయత్నం కావలసి వస్తోంది. అందువల్ల పోస్టును దాటిపోయినవాళ్లంతా దాన్ని తిరస్కరించారని అనుకోవడం పొరపాటు. వాళ్లలో అత్యధికులు దాని గురించి ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఆగడానికి కారణం కనిపించకపోవడంతో బొటనవేలు అప్పటికే చేస్తున్న పనిని కొనసాగించింది. బలహీనమైన మొదటి వాక్యం అంటే చెడ్డ వాక్యమని అర్థం కాదు. చాలాసార్లు అది మర్యాదగా, తప్పుల్లేకుండా, ఆలోచనతోనే రాసినదై ఉంటుంది. ఆగడానికి కారణం ఇవ్వకపోవడం ఒక్కటే దాని లోపం.

పైగా పోస్టు మొత్తం ఒకేసారి కనిపించదు. రాసినవారి పేరు, చిన్న ఫొటో, సమయం, ఆ కింద కొన్ని పంక్తులు, ఆ తరువాత మిగతాది చూడమని చెప్పే చిన్న మాట మాత్రమే తెర మీద ఉంటాయి. ఆ కోత ఎక్కడ పడుతుందన్నది వేదికను బట్టి, పోస్టుకు ఫొటో జతచేశారా లేదా అన్నదాన్ని బట్టి, చదివేవారు ఫోన్‌లో పెట్టుకున్న అక్షరాల పరిమాణాన్ని బట్టి మారుతుంది. అయినా ఫోన్ తెర మీద తెలుగు పంక్తికి నాలుగైదు మాటలకు మించి పట్టవు గనుక, మూడు పంక్తులంటే పన్నెండు నుంచి పదిహేను మాటలని లెక్క వేసుకోవచ్చు. నిర్ణయమంతా జరిగేది ఆ పదిహేను మాటల వాకిట్లోనే.

కన్ను ఏం వెతుకుతుంది

చదివేటప్పుడు కన్ను పంక్తి మీద ఒకే వేగంతో జారిపోదు. ఒకచోట దాదాపు పావు సెకను నిలిచి, అక్కడి నుంచి ముందుకు గెంతి, మరొకచోట నిలుస్తుంది. ఫీడ్ చూస్తున్నప్పుడు ఈ నిలకడలు ఇంకా తక్కువగా, ఇంకా దూరదూరంగా ఉంటాయి. తెర మీద రాత చదివేవారి కంటి కదలికలను నీల్సన్ నార్మన్ గ్రూపు 2006లో 232 మందిపై పరిశీలించి, చూపు మొదట పై పంక్తి మీద అడ్డంగా నడిచి, తరువాత కొంచెం కింద మరింత పొట్టిగా అడ్డంగా నడిచి, ఆపైన ఎడమ అంచు వెంబడి కిందికి జారుతుందని చెప్పింది. అదే సంస్థ 2009లో, లింకుల్లోని మొదటి 11 అక్షరాలను మాత్రమే చూపి, వాటి వెనక ఏముంటుందో జనం ఊహించగలరా అని పరీక్షించింది. ఈ పరిశీలనలు రోమన్ లిపిలోని పుటల మీద జరిగినవి కాబట్టి ఆ అంకెలను తెలుగు పోస్టుకు యథాతథంగా అన్వయించకూడదు గాని, పంక్తి మొదటి మాటలకు తక్కిన మాటలకంటే చాలా ఎక్కువ చూపు దక్కుతుందన్న సంగతి రెండు చోట్లా ఒకటే.

అంత తక్కువ సమయంలో కన్ను వెతికేదేమిటో వివరించడానికి పీటర్ పిరోలీ, స్టువర్ట్ కార్డ్ అనే పరిశోధకులు జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ 1990లలో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. జంతువు మేత కోసం వాసన పట్టి వెళ్లినట్టే, మనిషి కూడా సమాచారం కోసం మాటల ఆనవాళ్లు పట్టుకుని వెళతాడనీ, ఒక దారిలో తనకు కావలసింది దొరుకుతుందన్న ఆనవాలు బలంగా ఉంటే అటు నడుస్తాడనీ, లేకపోతే దారి మార్చుకుంటాడనీ వారి వాదన. ఈ ఆనవాలుకు వారు పెట్టిన పేరు సమాచార గంధం.

ఈ సిద్ధాంతం వెలుగులో చూస్తే, తెలుగు పోస్టుల్లో తరచు కనిపించే ఆరంభాలు ఎందుకు ఓడిపోతాయో స్పష్టమవుతుంది. ‘అందరికీ నమస్కారం’, ‘ఈ రోజుల్లో’, ‘మనందరికీ తెలిసిన విషయమే’, ‘చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను’, ‘ఒక ముఖ్యమైన విషయం మీతో పంచుకోవాలి’ అనే మాటలు ఏ పోస్టుకైనా అతుకుతాయి. మామిడి పండ్ల గురించిన పోస్టుకూ, పరీక్ష ఫలితాల గురించిన పోస్టుకూ, మోకాళ్ల నొప్పి గురించిన పోస్టుకూ సమానంగా సరిపోయే మాట, ఆ మూడింటిలో ఇది దేని గురించో చెప్పలేదు. అంటే దానికి గంధం లేదు. ‘ముఖ్యమైన విషయం’ అన్న మాటకు కూడా ఇదే వర్తిస్తుంది. విషయాన్ని చెప్పకుండా అది ముఖ్యమని మాత్రమే చెబితే, ఎవరికి ముఖ్యమో తేల్చుకునే ఆధారం పాఠకుడికి దొరకదు.

క్రియ చివర ఉన్న భాషలో

ఇంతవరకు చెప్పిన కారణాలు ఏ భాషకైనా వర్తించేవే. తెలుగుకు మాత్రం మరో కారణం ఉంది, అది వాక్య నిర్మాణంలోనే ఉంది. తెలుగు వాక్యంలో కర్త, కర్మ, తదితరాలు ముందు వచ్చి, సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, చివర వస్తుంది. ‘చేసి’, ‘చేస్తూ’, ‘చేయడంతో’ వంటి అసమాపక క్రియలతో ఎన్ని ఉపవాక్యాలనైనా ముందు పేర్చుకుంటూ పోవచ్చు. తీరిగ్గా చదివే రచనలో ఇది గొప్ప సౌలభ్యం. సంఘటనలు జరిగిన వరుసలోనే చెప్పి, ముగింపును చివరికి అట్టేపెట్టవచ్చు. కాని పదిహేనో మాట దగ్గర కోత పడే చోట ఇదే లక్షణం ముప్పు తెస్తుంది.

ఒక వాక్యాన్ని తీసుకుని చూడవచ్చు: ‘మొన్నటి వానలకు చెరువు గట్టుకు గండి పడటంతో ఊళ్లోని కుర్రాళ్లంతా ఇసుక బస్తాలు మోసుకెళ్లి రెండు రోజుల పాటు శ్రమదానం చేసి పూడ్చలేకపోయారు.’ ఇందులో చివరి మాటను ‘పూడ్చగలిగారు’ అని మారిస్తే విజయగాథ అవుతుంది, ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే సహాయం కోసం అభ్యర్థన అవుతుంది. తెలుగులో కాలం, కర్త సంఖ్య మాత్రమే కాక, పని అయిందా కాలేదా అన్నది కూడా చివరి క్రియకు అంటుకునే ప్రత్యయంలోనే ఉంటుంది. ఆ క్రియ కోతకు అవతల పడితే, పైన కనిపించే భాగం ఎంత పొడవుగా ఉన్నా, చెరువుకు ఏమైందో చెప్పదు. పాఠకుడు మోసం కాలేదు, విసుక్కోలేదు; అతనికి వార్త అందలేదు, అంతే.

లిపి స్వభావం కూడా కొంత స్థలాన్ని తినేస్తుంది. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరమే అయినా, కంప్యూటర్ల యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు: మూడు హల్లులు, రెండు పొల్లు గుర్తులు, ఒక గుడి దీర్ఘం. ట్విటర్ 2017 నవంబరులో 140 నుంచి 280కి పెంచిన పరిమితి, ఈ సంకేతాల చొప్పునే లెక్కిస్తుంది. రోమన్ లిపిలో 160 అక్షరాలు పట్టే సాధారణ ఎస్సెమ్మెస్‌లో తెలుగు లిపికి దక్కేది 70 సంకేతాలే. ఒత్తులూ గుణింతాలూ నిండిన తెలుగు వాక్యానికి, ఎక్కడ లెక్క ఉంటే అక్కడ, చోటు ఇరుకే.

అలాగని తెలుగు వాక్యం ఈ పనికి పనికిరాదనుకోనవసరం లేదు. చేకూరి రామారావు 1975లో వెలువరించిన ‘తెలుగు వాక్యం’ చదివినవారికి క్రియారహిత వాక్యాలు పరిచయమే. ‘ఆమె డాక్టరు’, ‘ఇది మా ఊరు’ వంటి వాక్యాలకు క్రియే అవసరం లేదు, అయినా అవి సంపూర్ణ వాక్యాలు. చివరి క్రియ కోసం ఎదురుచూడవలసిన పని లేకుండానే వాటి అర్థం అందుతుంది కనుక మొదటి పంక్తికి అవి బాగా ఒదుగుతాయి. రెండో సాధనం, పొడుగు వాక్యాన్ని తెంచి క్రియను త్వరగా ముగించడం: ‘చెరువు గట్టుకు పడ్డ గండి ఇంకా పూడలేదు’ అన్న ఆరు మాటల్లో వార్త పూర్తవుతుంది; వానలు, కుర్రాళ్లు, ఇసుక బస్తాలు తరువాతి వాక్యాల్లో వస్తాయి. మూడో సాధనం, క్రియను ‘-ది’ రూపంలోకి మార్చి ముందుకు తెచ్చే నిర్మాణం: ‘గండి పడింది గట్టుకు కాదు, తూముకు’ అన్నప్పుడు ఏం జరిగిందన్నది మొదట్లోనే తెలిసిపోయి, ఎక్కడ అన్న కొత్త సంగతి మీద ఊనిక పడుతుంది. ఈ మూడూ ఇంటా బయటా రోజూ మాట్లాడే తెలుగులో ఉన్నవే. రాతకు కూర్చున్నప్పుడు మాత్రమే వాటిని పక్కన పెట్టి, అసమాపక క్రియల గొలుసును ఎంచుకునే అలవాటు స్థిరపడింది.

ఒక పోస్టు, నాలుగు ఆరంభాలు

నూజివీడు ప్రాంతంలో మామిడి తోట ఉన్న ఒక రైతు, తన పండ్లను నేరుగా హైదరాబాద్‌లోని ఇళ్లకు అమ్మడానికి ఫేస్‌బుక్‌లో పోస్టు రాస్తున్నాడని ఊహించుకోవచ్చు. ఆయన మొదటి ప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది:

‘అందరికీ నమస్కారం. నూజివీడు దగ్గర మా తాతల కాలం నుంచి మామిడి తోట సాగు చేస్తూ, ఎన్నో కష్టనష్టాలకు ఓర్చి, నాణ్యమైన పండ్లు పండిస్తున్న మేము, దళారుల బెడద తట్టుకోలేక ఈ ఏడాది నేరుగా వినియోగదారులకే అమ్మాలని నిర్ణయించుకుని, గడ్డిలో మాగబెట్టిన చిన్నరసాలను ఈ శనివారం నుంచి హైదరాబాద్‌కు పంపుతున్నాం. ఐదు కిలోల పెట్టె 700 రూపాయలు.’

వ్యాకరణ దృష్టితో ఇందులో తప్పు లేదు, ఇందులోని నిజాయతీనీ శంకించనక్కర్లేదు. కాని కోత ‘ఎన్నో కష్టనష్టాలకు ఓర్చి’ దగ్గర పడుతుంది. పైన మిగిలేవి ఒక నమస్కారం, ఒక ఊరి పేరు, తాతల కాలం, కష్టనష్టాలు. కింద దాగిపోయేవి పండు రకం, మాగబెట్టిన పద్ధతి, రోజు, నగరం, పరిమాణం, ధర. కొనేవాడికి అవసరమైన ఆరు వివరాలూ కోతకు కిందే ఉన్నాయి. అంతేకాక, పైన కనిపించే భాగాన్ని మాత్రమే చదివినవారికి ఇది అమ్మకపు పోస్టు అని కూడా తెలియదు. రైతు కష్టాలపై రాసిన వ్యాసమో, అప్పుల మీద ఆవేదనో అనుకునే అవకాశం ఎక్కువ.

ఇటువంటి పోస్టుకు స్పందన రాలేదని తెలిసినప్పుడు, సలహా ఇచ్చేవారు సాధారణంగా రెండో ఆరంభం వైపు తోస్తారు: ‘మీరు తింటున్న మామిడి పండు గురించి ఈ నిజం తెలిస్తే జన్మలో ముట్టరు!’ ఇది నిస్సందేహంగా వేలిని ఆపుతుంది, కాని ఆపిన తరువాత ఏం జరుగుతుందన్నది చూడాలి. ఆసక్తి ఎలా పుడుతుందో 1994లో వివరించిన జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకుడి ప్రకారం, తనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య ఒక వెలితి ఉందని గుర్తించినప్పుడు మనిషిలో ఆసక్తి పుడుతుంది. పై వాక్యం ఆ వెలితిని సృష్టిస్తుంది గాని, కింద ఉన్న సరుకు దాన్ని పూరించదు. భయపడి వచ్చినవాడికి చిన్నరసాల ధర కనిపిస్తే, తాను వెతికింది ఇది కాదని వెళ్లిపోతాడు. కొనాలనుకున్నవాడికి మామిడి పండు మీదే అనుమానం పుడుతుంది. సమాచారాన్ని కావాలని దాచిపెట్టి ఊరించే ఇటువంటి శీర్షికలను వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2014 ఆగస్టులోనే ప్రకటించింది. 2016లో ఆ వడపోతను మరింత బిగిస్తూ, అవసరమైన సంగతిని దాచడం, ఉన్నదాన్ని అతిశయించి చెప్పడం అనే రెండు లక్షణాలను గుర్తులుగా చెప్పింది. రైతుకు సూచించిన రెండో ఆరంభంలో ఆ రెండూ ఉన్నాయి.

మూడో ఆరంభానికి కొత్త సరుకేమీ అక్కర్లేదు. మొదటి ప్రతిలో చివర ఉన్నదాన్ని ముందుకు తెస్తే చాలు: ‘గడ్డిలో మాగబెట్టిన నూజివీడు చిన్నరసాలు ఈ శనివారం హైదరాబాద్ వస్తున్నాయి. ఐదు కిలోల పెట్టె 700 రూపాయలు.’ పదమూడు మాటల్లో రెండు వాక్యాలు పూర్తయ్యాయి, రెండోది క్రియారహిత వాక్యం. కోత ఎక్కడ పడినా కొనేవాడికి కావలసినది పైనే ఉంటుంది. మొదటి వాక్యంలో ఏ మాట ముందు ఉండాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. ‘ఈ శనివారం’ అని మొదలుపెడితే అది ఏ ప్రకటనకైనా సరిపోయే మాట అవుతుంది. ‘నూజివీడు’ అని మొదలుపెడితే ఊరు తెలుస్తుంది గాని సరుకు తెలియదు. ‘గడ్డిలో మాగబెట్టిన’ అనగానే, కార్బైడ్ వాడని పండు కోసం వెతుకుతున్నవారికి తక్షణం గంధం అందుతుంది. తాతల కాలం, దళారుల బెడద, నేరుగా అమ్మాలన్న నిర్ణయం పోస్టులో ఉండకూడదని దీని అర్థం కాదు. కొనాలన్న ఆలోచన కలిగినవాడికి ఆ తోట ఎవరిదో, ఎందుకు నేరుగా అమ్ముతున్నారో తెలుసుకోవాలని ఉంటుంది. అదే సమాచారం కోతకు కింద నమ్మకం పెంచుతుంది, కోతకు పైన చోటు తింటుంది.

వెంటనే కొనేవారి కోసం కాక, పండ్ల గురించి తెలుసుకోవాలనుకునే విస్తృత పాఠకుల కోసం అదే రైతు మరో పోస్టు రాస్తే నాలుగో ఆరంభం కావాలి: ‘తొక్క అంతా ఒకే పసుపు, టెంక దగ్గర గట్టిదనం, పులుపు: కార్బైడ్‌తో మగ్గించారని అనుమానించవలసిన గుర్తులు ఇవి.’ ఇది కూడా క్రియతో పని లేని వాక్యమే, ఇది కూడా ఆసక్తిని రేపుతుంది. రెండో ఆరంభంతో దీనికున్న తేడా ఏమిటంటే, ఇది కొంత జ్ఞానాన్ని అక్కడికక్కడే చేతికిచ్చి, మిగతాది కింద ఉందని సూచిస్తుంది. పోస్టు తరువాతి భాగంలో, కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గించడం దేశంలో నిషిద్ధమనీ, ఇథిలీన్ వాయువును పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు వాడటానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతిస్తుందనీ చెబితే, ఆరంభంలో ఇచ్చిన మాట నిలబడుతుంది. ఈ వాక్యంలో ‘అనుమానించవలసిన’ అన్న మాట కీలకమైనది. దాన్ని తీసేసి ‘ఇదే రుజువు’ అని రాస్తే వాక్యం మరింత పదునెక్కుతుంది గాని అబద్ధమవుతుంది, ఎందుకంటే రంగు, రుచి చూసి రసాయనాన్ని నిర్ధారించలేరు, దానికి పరీక్ష కావాలి. మొదటి వాక్యం ఎంతవరకు బలంగా ఉండవచ్చన్నదానికి హద్దు ఇదే: కింద ఉన్న సరుకు మోయగలిగినంత.

నమస్కారమా, వస్తునిర్దేశమా

నమస్కారంతో మొదలుపెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని సరైన చోట పెట్టడం తేలికవుతుంది. ఉత్తరానికి క్షేమసమాచారం, సభకు వేదికనలంకరించిన పెద్దల ప్రస్తావన, అర్జీకి ‘అయ్యా’ అనే సంబోధన తప్పనిసరిగా ఉండేవి. ఆ మూడు సందర్భాల్లోనూ శ్రోత కదలకుండా ఎదుట ఉన్నాడు, లేదా ఉత్తరం అతని పేరు మీదే వచ్చింది. ఫీడ్‌లో ఆ శ్రోత లేడు. పేరు పెట్టి పిలవని పలకరింపు ఎవరికీ చెందదు.

ప్రాచీన అలంకారశాస్త్రం కూడా ఆరంభాన్ని ఒకే రకానికి కట్టెయ్యలేదు. దండి తన కావ్యాదర్శంలో మహాకావ్యం ఎలా మొదలుకావచ్చో చెబుతూ ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం అనే మూడు మార్గాలను చూపాడు. వస్తునిర్దేశమంటే పలకరింపులతో పని లేకుండా నేరుగా కథావస్తువును సూచించడం. అంటే నేరుగా విషయంలోకి దిగడం అమర్యాద అనే భావనకు సంప్రదాయంలో ఆధారం లేదు. ఆధునిక కథలోనూ ఇదే కనిపిస్తుంది. గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’, కథానాయకుడు ఎవరో, ఏ ఊరివాడో, ఏం చదివాడో చెప్పకముందే, రాత్రివేళ ఇంటికొచ్చి తలుపు తీయమని పిలిచే మనిషితో మొదలవుతుంది. ఎవరూ తలుపు తీయకపోవడం అక్కడి సంఘటన; అతను ఎవరన్నది పాఠకుడికి ఆ సంఘటన ద్వారానే తెలుస్తుంది. పత్రికల డెస్కుల్లో ‘ఇంట్రో’ అని పిలిచే వార్త మొదటి పేరా కూడా, ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవాటిలో ఆ వార్తకు ప్రాణమైనదాన్ని ముందు పెట్టమని నేర్పుతుంది.

అయితే నమస్కారం, ఆశీస్సు తగిన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. మరణవార్తలో, పెళ్లి పిలుపులో, సహాయం చేసినవారికి కృతజ్ఞత చెప్పే పోస్టులో ఆ మర్యాదే విషయం. అక్కడ వార్తాశైలి మొరటుగా ఉంటుంది. మర్యాద మాత్రమే ముందు ఉండి హాని జరిగే సందర్భం మరొకటి ఉంది. రక్తం కావాలని కోరే పోస్టులు తరచు ‘అత్యవసరం, దయచేసి అందరూ షేర్ చేయండి’ అని మొదలవుతాయి. రక్తపు గ్రూపు, ఆసుపత్రి, ఊరు, తేదీ కోతకు కింద ఉండిపోవడంతో, ఆ గ్రూపు ఉన్నవాళ్లు తమకు సంబంధించిందని గుర్తించకుండానే దాటిపోతారు, ఆ గ్రూపు లేనివాళ్లు చదవకుండానే పంచుకుంటారు. ‘అత్యవసరం’ అన్న మాటకు వయసు ఉండదు కాబట్టి, అవసరం తీరిపోయిన చాలాకాలానికి కూడా ఆ పోస్టు తిరుగుతూనే ఉంటుంది, ఇచ్చిన నంబరుకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. రక్తపు గ్రూపుతో మొదలై, ఊరు, ఆసుపత్రి, తేదీ ఒకే వాక్యంలో పైన ఉంటే, రావలసినవాళ్లు ఆగుతారు, గడువు ముగిసిందని తక్కినవాళ్లకు తెలుస్తుంది.

విఫలమైందని తెలిసేది ఎలా

మొదటి వాక్యం పని చేయలేదని తెలుసుకోవడానికి లైకుల సంఖ్య నమ్మదగిన కొలమానం కాదు, ఎందుకంటే పరిచయస్తులు చదవకుండా కూడా లైకు కొడతారు. అడిగిన ప్రశ్నలు అంతకంటే నిజం చెబుతాయి. పోస్టులో ధర రాసి ఉండగానే ‘ధర ఎంత?’ అని, ఊరు రాసి ఉండగానే ‘ఎక్కడ?’ అని పదేపదే ఎవరైనా అడుగుతుంటే, వాళ్లు కోతకు పైన ఉన్నది మాత్రమే చదివారని అర్థం. రాసినవారికి ఇది చిరాకు కలిగించవచ్చు గాని, ఏ వివరం పైకి రావాలో ఆ ప్రశ్నలే స్పష్టంగా చెబుతున్నాయి. దీనికి విరుద్ధమైన వైఫల్యం కూడా ఉంది: చాలామంది తెరిచి చూసి, ఒక్కరూ చివరి వరకు రాకపోతే, మొదటి వాక్యం మోయలేని మాట ఇచ్చిందని గ్రహించాలి. పోస్టు దగ్గర పాఠకుడు ఎంతసేపు ఆగాడన్నదాన్ని కూడా ఫీడ్ వరుసను నిర్ణయించడంలో లెక్కలోకి తీసుకుంటామని ఫేస్‌బుక్ 2015 జూన్‌లో ప్రకటించింది. కనుక మొదట చూసినవాళ్లు ఆగకపోతే, తరువాత చూసేవాళ్ల సంఖ్య కూడా తగ్గుతుంది. బలహీనమైన ఆరంభం నష్టం ఒక్క పాఠకుడితో ఆగదు.

ప్రచురించకముందే తెలుసుకునే దారి ఇంకా సులువైనది. పోస్టు మొత్తం రాసిన తరువాత, ఊరి పేరో మనిషి పేరో, అంకెనో, జరిగిన పనినో మొదటిసారి స్పష్టంగా చెప్పిన వాక్యం ఎక్కడుందో వెతకాలి. చాలా తెలుగు పోస్టుల్లో అది మూడో వాక్యంగానో నాలుగో వాక్యంగానో ఉంటుంది, లేదా మొదటి వాక్యమే అయితే దాని తోకలో ఉంటుంది. దాన్ని పైకి తెచ్చి, క్రియ పదో మాటలోపు ముగిసేలా తెంచి, మిగతా పోస్టును చేత్తో కప్పి, పైన ఉన్నది ఒక్కటే చదవాలి. అది ఇంకే పోస్టుకైనా సరిపోతుంటే ఇంకా విషయం రాలేదు. పోస్టు అంతా చదివినవాడు తిరిగి చూసి ‘ఇది చెప్పలేదే’ అనే అవకాశం ఉంటే అవసరానికి మించి వచ్చింది. ఈ రెండు దోషాలూ లేని వాక్యం దొరకకపోతే, వెతకవలసింది మెరుగైన మాట కోసం కాదు; ఆ పోస్టులో ఎవరికి ఏ సంగతి చెప్పాలనుకున్నారో అదింకా తేలలేదు, ముందు అది తేలాలి. నూజివీడు రైతుకు అది మొదటి ప్రతిలోనే తేలిపోయింది, చివరి వాక్యం దగ్గర. ఆయన చేయవలసిందల్లా ఆ వాక్యాన్ని మొదట పెట్టి, తాతల కాలాన్ని రెండో పేరాకు జరపడం, నమస్కారాన్ని ఫోన్ నంబరు పక్కన చివర ఉంచడం.